నల్ల హెన్నా, మంగు క్రీమ్, రెటినాల్ సీరమ్: పిల్లల కోసం ప్లాన్ చేసుకునే ముందు ఏవి ఆపాలి?

ప్రశ్న: మేడమ్, నా వయసు 33. మారతహళ్ళిలో ఉంటాం. తెల్లజుట్టుకి రెండేళ్ళుగా నెలకోసారి బ్లాక్ హెన్నా పెట్టుకుంటున్నాను. ఏడాది నుంచి కణతల దగ్గర, నుదుటి అంచున, చెవుల ముందు నల్లబడుతోంది. మెడికల్ షాపులో అడిగితే మంగుకి అని ఒక ట్యూబ్ ఇచ్చారు. మీద హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025 శాతం, మొమెటాసోన్ 0.1 శాతం అని ఉంది. మొదట్లో బాగా తగ్గింది. ఎనిమిది నెలలుగా రోజూ రాస్తున్నాను. ఇప్పుడు నాలుగు రోజులు ఆపితే ముఖం ఎర్రబడి మంట పుడుతోంది, మళ్ళీ రాస్తే తగ్గుతోంది. ఈ మధ్య ఆన్‌లైన్‌లో చూసి రెటినాల్ సీరమ్ కూడా మొదలుపెట్టాను. వచ్చే ఏడాది పిల్లల కోసం ప్లాన్ చేసుకుంటున్నాం. వీటిలో ఏది ఆపాలి, ఏది వాడుకోవచ్చు?

సమాధానం: అమ్మా, ముందు చేయాల్సిన పని చెప్తాను, కారణాలు తర్వాత. బ్లాక్ హెన్నా ఇవాళే ఆపేయండి. రెటినాల్ సీరమ్ కూడా ఇవాళే పక్కన పెట్టండి. ట్యూబ్ మాత్రం మీ అంతట మీరు ఆపడం, మంట పుట్టగానే మళ్ళీ రాయడం అనే ఆటలో పడకండి. ఈ వారంలోనే చర్మం డాక్టర్‌ని కలిసి ఆయన చెప్పిన పద్ధతిలో మానేయండి. మూడింటిలో మీకు ఎక్కువ నష్టం చేస్తున్నది ఆ ట్యూబే. కానీ అసలు కథ మొదలైంది హెన్నా దగ్గర అని నా అనుమానం. మీ నలుపు మంగు కాకపోవచ్చు.

నేను బెంగళూరులో చాలా ఏళ్ళుగా చర్మవ్యాధుల ప్రాక్టీసు చేస్తున్నాను. మీరు రాసిన వరుస, అంటే మొదట జుట్టుకి రంగు, తర్వాత ముఖం అంచుల్లో నలుపు, దానికి మెడికల్ షాపు క్రీమ్, ఆ క్రీమ్ ఆపితే మంట, మా ఓపీలో తరచుగా చూసేదే. చాలామంది ఈ నాలుగింటినీ నాలుగు వేరువేరు సమస్యలుగా చెప్తారు. అది ఒకటే గొలుసు.

మంగు ఎక్కడ వస్తుందో చూడండి. బుగ్గల ఎముకల మీద, ముక్కు మీద, పై పెదవి పైన, నుదుటి మధ్యలో వస్తుంది. రంగు గోధుమ, కాఫీ రంగు. రెండు వైపులా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. మీరు చెప్పిన చోట్లు కణతలు, జుట్టు మొదలయ్యే అంచు, చెవుల ముందు భాగం. రంగు వేసుకుని తల కడుక్కున్నప్పుడు ఆ నీళ్ళు పారే దారి సరిగ్గా అదే. పగటి వెలుతురులో కిటికీ దగ్గర నిలబడి అద్దంలో చూసుకోండి. ఆ నలుపు గోధుమ రంగులో ఉందా, లేక బూడిద రంగు, కొంచెం నీలం కలిసిన పలక రంగులో ఉందా? మెడ పక్కల్లోకీ దిగిందా? పలక రంగులో ఉండి, బుగ్గల మధ్య భాగం మామూలుగా ఉంటే, జుట్టు రంగు వల్ల వచ్చిన అలర్జీ నలుపు అని గట్టిగా అనుమానించాలి. దీన్ని పిగ్మెంటెడ్ కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటారు. నలుపు నుదుటి మధ్యలో బొట్టు పెట్టుకునే చోట మాత్రమే ఉంటే అప్పుడు కుంకుమ గురించీ అడుగుతాం, ఎందుకంటే కుంకుమలో కలిపే రంగులు కూడా ఇలాగే చేస్తాయి.

ఇక హెన్నా. గోరింటాకులో రంగునిచ్చే పదార్థం పేరు లాసోన్. అది జుట్టుకి ఎర్రటి, నారింజ రంగు మాత్రమే ఇస్తుంది, నలుపు ఇవ్వలేదు. ఒక పొడి నీళ్ళలో కలిపి అరగంట పెడితే జుట్టు నల్లగా అయిందంటే, దాని పేరేదైనా, ప్యాకెట్ మీద ఎన్ని ఆకుల బొమ్మలున్నా, అందులో దాదాపు ఖాయంగా పీపీడీ ఉంటుంది. పూర్తి పేరు పారా-ఫినైలిన్‌డయమిన్. నల్ల డైలలో ఎక్కువ భాగం దీని మీదే పనిచేస్తాయి. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఈ పేరు వెతకండి. మన దేశంలో ఇలాంటి డైల మీద అలర్జీ హెచ్చరిక, ముందుగా చర్మం మీద టెస్ట్ చేసుకునే పద్ధతి ఇంగ్లిష్‌లోనూ స్థానిక భాషల్లోనూ అచ్చువేయాలని రూలు ఉంది. ఆ హెచ్చరిక ఉన్న ప్యాకెట్‌ని మామూలు గోరింటాకు అనుకోకూడదు.

"అమోనియా లేదు" అన్న మాట చూసి కూడా చాలామంది ధైర్యపడతారు. అమోనియా చేసే పని జుట్టు పొరలు తెరుచుకునేలా చేయడం, ఘాటైన వాసన దానిదే. దాన్ని తీసేసి వేరే క్షారం వేస్తారు. రంగునిచ్చే పీపీడీ అలాగే ఉంటుంది. అలర్జీ తెచ్చేది అమోనియా కాదు, పీపీడీ. అందుకే ఘాటు లేని డైతోనూ కళ్ళు వాచిపోయి వచ్చేవాళ్ళుంటారు.

పీపీడీ చాలా చిన్న అణువు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో గానీ గాలితో గానీ కలిసినప్పుడు మారుతూ మారుతూ జుట్టు లోపల పెద్ద రంగు అణువుగా స్థిరపడుతుంది. పూర్తిగా రంగుగా మారాక పెద్దగా ఇబ్బంది లేదు. మారే దశలో ఉన్నప్పుడు మాత్రం అది చర్మంలోకి దిగి అక్కడి ప్రోటీన్లకి అతుక్కుంటుంది. మన రోగనిరోధక కణాలు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. ఒకసారి గుర్తుపెట్టుకున్నాయంటే ఇక మరచిపోవు. ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ లేకుండా వాడిన బ్రాండే ఒక రోజున పడకపోవడానికి కారణం ఇదే. "మా అమ్మ ఇరవై ఏళ్ళుగా అదే వాడుతోంది" అన్నది భరోసా కాదు.

సాధారణంగా ఈ అలర్జీ రంగు వేసిన ఒకటి నుంచి మూడు రోజుల్లో దురదగా, కనురెప్పల వాపుగా, చెవుల వెనక రసి కారడంగా బయటపడుతుంది. తల మీద చర్మం మందం కాబట్టి అక్కడ తక్కువ, ముఖం అంచుల్లో ఎక్కువ. కానీ మన రంగు చర్మాల్లో కొందరికి ఈ గొడవ ఏమీ కనబడకుండా, లోలోపల చిన్న మోతాదులో నెలనెలా జరుగుతూ ఉంటుంది. దురద ఉన్నా "కొంచెం చిమచిమ" అని వదిలేస్తారు. ప్రతిసారీ చర్మం పై పొర అడుగున ఉండే కణాలు దెబ్బతిని, వాటిలోని మెలనిన్ అనే రంగు పదార్థం కింది పొరలోకి జారిపోతుంది. ఆ లోతు నుంచి చూస్తే నలుపు బూడిదగా, నీలంగా కనబడుతుంది.

ఈ లోతు విషయం బాగా పట్టుకోండి, ఎందుకంటే మీ ట్యూబ్ ఎందుకు పని చేయలేదో ఇక్కడే ఉంది. హైడ్రోక్వినోన్ కొత్తగా మెలనిన్ తయారవకుండా ఆపుతుంది. అది పై పొరలో జరిగే పని. కింది పొరలోకి జారిపోయిన మెలనిన్‌ని అది ముట్టుకోలేదు. చాప మీద ఒలికిన నీళ్ళు నేలలోకి దిగిపోయాక చాపని ఎంత తుడిచినా లాభం ఉండదు కదా, అలాగే. మరి మొదట్లో తగ్గిందెందుకు? మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ ఆ అలర్జీని నొక్కిపెట్టింది. హైడ్రోక్వినోన్ చుట్టుపక్కల చర్మాన్ని తేలిక చేసింది. ముఖం అంతా మెరిసినట్టు కనబడింది. ఆ నెలల్లో మీరు హెన్నా పెడుతూనే ఉన్నారు. స్టెరాయిడ్ దురదని కప్పేసింది కాబట్టి హెన్నా మీద మీకు అనుమానం రాలేదు.

ఇలాంటి ఒక కేసు చెప్తాను. గుర్తుపట్టే వివరాలు తీసేస్తున్నాను. ఆవిడ నలభై దాటిన తెలుగు టీచరు, ఇక్కడే ఉంటారు. కణతల నలుపుకి ఇద్దరు ముగ్గురి సలహాతో రకరకాల క్రీములు రాశారు, పార్లర్‌లో పీలింగ్ కూడా చేయించుకున్నారు. పీలింగ్ తర్వాత నలుపు ఇంకా ముదిరింది. నేను ఆవిడని అడిగిన ప్రశ్న ఒకటే: "రంగు వేసుకున్న రెండో రోజు, మూడో రోజు ఎలా ఉంటుంది?" కొంచెం ఆలోచించి, "ఆ రెండు రోజులూ చెవుల వెనక గోకుతూ ఉంటాను, చుండ్రు అనుకున్నాను" అన్నారు. ప్యాచ్ టెస్ట్ చేశాం. పీపీడీ పెట్టిన చోట ఎర్రగా, పొక్కుల్లా లేచింది. పెర్ఫ్యూమ్ మిశ్రమం, మిగతావి ఏమీ లేవలేదు. డై మానేశాక చెవుల దురద కొన్ని వారాల్లోనే పోయింది. నలుపు మాత్రం చాలా మెల్లగా తగ్గింది. ఏడాది దాటాక కూడా కొంచెం మిగిలే ఉంది, కానీ కొత్తగా పెరగలేదు. మీకూ నేను ఇంతకంటే త్వరగా తగ్గుతుందని మాట ఇవ్వలేను. కింది పొరలో చేరిన రంగుని శరీరం తన పద్ధతిలో తానే శుభ్రం చేసుకోవాలి. కారణం ఆగిపోకపోతే మాత్రం ఏ మందూ గెలవదు.

ప్యాచ్ టెస్ట్ అంటే ఇంజెక్షన్లు ఉండవు, రక్తం తీయరు. చిన్న అల్యూమినియం గిన్నెల్లో ఒక్కో పదార్థం కొద్దిగా వేసి వీపు మీద టేపుతో అంటిస్తారు. పీపీడీని ఒక శాతం బలంతో, వాజ్‌లైన్ లాంటి ఆధారంలో కలిపి పెడతారు. సోమవారం అంటిస్తే బుధవారం తీసి చూస్తారు, గురువారమో శుక్రవారమో మళ్ళీ చూస్తారు. ఆ రోజుల్లో వీపు తడపకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. వీపు మీద స్టెరాయిడ్ క్రీమ్ రాసి ఉన్నా, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా ఫలితం తప్పు రావచ్చు, కాబట్టి ముందే చెప్పండి. బౌరింగ్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రి చర్మ విభాగంలో గానీ, పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లో గానీ అడగండి. ఇంకో ముఖ్యమైన సంగతి: గర్భం వచ్చాక ఈ టెస్టుని సాధారణంగా వాయిదా వేస్తారు. మీరు ప్లాన్ చేసుకునేది వచ్చే ఏడాది కాబట్టి టెస్టుకి ఇప్పుడే సరైన సమయం.

ప్యాకెట్ మీద రాసిన టెస్టు, అంటే చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు చూడటం, కొత్తగా డై మొదలుపెట్టేవాళ్ళకి పనికొస్తుంది. మీలాగా ఇప్పటికే అనుమానం ఉన్నవాళ్ళు ఇంట్లో ఆ ప్రయోగం చేయొద్దు.

ఇప్పుడు ట్యూబ్ దగ్గరకి వద్దాం. ఈ మూడు మందుల కలయిక పాతదే. 1975లో క్లిగ్‌మన్ అనే అమెరికన్ డాక్టర్, తన సహచరుడితో కలిసి, మంగుకి హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్ కలిపి వాడే పద్ధతి ప్రచురించారు. ఇది చెడ్డ మందు కాదు. నిజమైన మంగుకి, డాక్టర్ కంటి ముందు, కొన్ని వారాలు వాడితే బాగా పనిచేస్తుంది. అమెరికాలో అనుమతి ఉన్న ఇలాంటి క్రీమ్‌ని వరుసగా ఎనిమిది వారాల వరకే వాడమంటారు. అది కూడా మొమెటాసోన్ కంటే బలం తక్కువైన స్టెరాయిడ్‌తో. మీరు వాడింది ఎనిమిది నెలలు.

స్టెరాయిడ్ ముఖం మీద రోజూ పడితే చర్మం పలచబడుతుంది. రక్తనాళాలు ముడుచుకుని ఉండటానికి అలవాటు పడతాయి. ఆపగానే అవి ఒక్కసారిగా వెడల్పవుతాయి. అదే మీరు చూస్తున్న ఎరుపు, మంట. కొందరికి మొటిమల్లాంటి పొక్కులు, బుగ్గల మీద సన్నటి ఎర్ర గీతలు, గడ్డం దగ్గర వెంట్రుకలు వస్తాయి. మన దేశంలో చర్మవైద్యులు దీన్ని "టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్" అని పిలుస్తారు. క్రీమ్ మళ్ళీ రాయగానే తగ్గడం చూసి "ఈ మందు నాకు పడింది" అనుకుంటారు. అది పడటం కాదు, అలవాటు పడటం.

ఇలా జరగకూడదనే చర్మవైద్యుల సంఘం ఏళ్ళ తరబడి అడిగితే, 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ చర్మానికి రాసే స్టెరాయిడ్ క్రీములకి ఉన్న మినహాయింపు తీసేసి షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. మీ ట్యూబ్ మీద ఎర్ర గీతో, డబ్బా కట్టి రాసిన హెచ్చరికో ఉందేమో చూడండి. అలాంటిది మంగు క్రీమ్ అని కౌంటర్ మీదుగా ఇస్తే ఇకముందు తీసుకోకండి. పేరు చివర "సోన్" అని గానీ "సోల్" అని గానీ ఉంటే, అంటే మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్, అది చాలావరకు స్టెరాయిడే అని తెలుసుకోండి. ఫ్లూసినోలోన్ లాంటివి ఈ గుర్తుకి అందవు, కాబట్టి అర్థం కాని పేరు కనిపిస్తే అడగండి.

డాక్టర్ ఏం చేస్తారంటే, మీ చర్మం స్థితిని బట్టి ట్యూబ్‌ని వెంటనే ఆపించవచ్చు. లేదా బలం తక్కువైన హైడ్రోకార్టిసోన్ లాంటి దానికి మార్చి, రోజూ నుంచి రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు, ఆ తర్వాత పూర్తిగా మాన్పించవచ్చు. స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ చాలామందికి ఇస్తాం. మొదటి రోజుల్లో అది కూడా కొంచెం మండుతుంది. ఆపిన తర్వాత ఎరుపు సాధారణంగా కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లో ఎక్కువవుతుంది, తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ దశలో ముఖానికి కావాల్సింది చల్లటి నీటి గుడ్డ, సువాసన లేని మాయిశ్చరైజర్, నురగ తక్కువ వచ్చే క్లెన్సర్, సన్‌స్క్రీన్. అంతే. విటమిన్ సి, నయాసినమైడ్, శనగపిండి, నిమ్మరసం ఏవీ వద్దు. పార్లర్ బ్లీచ్, ఫేషియల్ అసలే వద్దు. పొక్కులు ఎక్కువగా ఉంటే డాక్సీసైక్లిన్ మాత్రలు రాయడం మామూలే. అవి గర్భంలో వాడకూడనివి కాబట్టి పిల్లల కోసం ప్లాన్ చేస్తున్న సంగతి డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పండి.

గర్భం విషయంలో రెటినాయిడ్ల గురించి, అంటే ట్రెటినాయిన్, రెటినాల్ లాంటి విటమిన్ ఎ కుటుంబం మందుల గురించి, భయం, నిర్లక్ష్యం రెండూ చూస్తుంటాను. వీటిని రెండుగా విడదీసి చూడాలి. నోటితో మింగే ఐసోట్రెటినాయిన్ గర్భస్థ శిశువుకి నిజంగా ప్రమాదం. మెదడు, గుండె, చెవులు ఏర్పడే దశలోనే దెబ్బ తీస్తుంది. అది ఆపి కనీసం ఒక నెల గడిచాకే గర్భం కోసం ప్రయత్నించాలి. సోరియాసిస్‌కి వాడే అసిట్రెటిన్ అయితే మూడేళ్ళు ఆగాలి. చర్మం మీద రాసేవి ఈ కోవలోవి కావు. ట్రెటినాయిన్ రాస్తే రక్తంలోకి వెళ్ళేది చాలా కొద్ది. అయినా పూర్తి భరోసా ఇచ్చే ఆధారం లేదు, అందంకోసం ఆ కొంచెం రిస్క్ కూడా అక్కర్లేదు, అందుకే ప్రయత్నాలు మొదలుపెట్టే ముందే ఆపమంటాం. మొటిమలకి ఇచ్చే అడాపలీన్, టజరోటీన్, సీరమ్‌లలో ఉండే రెటినాల్, రెటినాల్డిహైడ్, రెటినైల్ పామిటేట్ అన్నిటికీ ఇదే మాట. ఎవరైనా రెటినాల్ రాస్తూ ఉండగా గర్భం వచ్చిందని తెలిస్తే టెన్షన్ పడక్కర్లేదు. ఆపేసి గైనకాలజిస్ట్‌కి చెప్తే చాలు.

మీకు రెటినాల్ ఇప్పుడే ఆపమనడానికి గర్భం ఒక్కటే కారణం కాదు. మీ ట్యూబ్‌లో ట్రెటినాయిన్ ఇప్పటికే ఉంది, దాని పైన ఇంకో రెటినాయిడ్ వేశారు. స్టెరాయిడ్‌తో పలచబడ్డ చర్మం మీద ఇది పొర లేపుతుంది. అప్పుడు డై గానీ, సువాసన పదార్థాలు గానీ ఇంకా సులువుగా లోపలికి దిగుతాయి.

హైడ్రోక్వినోన్‌ది వేరే లెక్క. రాసిన దానిలో మూడో వంతుకి పైనే రక్తంలోకి వెళ్తుంది. పిల్లలకి లోపాలు వచ్చాయని రుజువు లేకపోయినా ఇంత మోతాదు లోపలికి వెళ్ళే మందుని గర్భంలో వాడం. ఏళ్ళ తరబడి వాడితే అదే ఒక మొండి నీలి నలుపుని తెస్తుంది, దాన్ని ఓక్రోనోసిస్ అంటారు.

ఇక వాడుకోవడానికి ఏమున్నాయి? ముఖం మంట పూర్తిగా సద్దుమణిగాక, అంటే కనీసం కొన్ని వారాలు మాయిశ్చరైజర్ మాత్రమే వాడి హాయిగా ఉన్నాక, అజెలాయిక్ ఆమ్లం మొదలుపెట్టవచ్చు. 15 లేదా 20 శాతం బలంలో దొరుకుతుంది, గర్భంలోనూ వాడుకోదగ్గదిగా చర్మవైద్యులు భావిస్తారు. మొదట వారానికి రెండు మూడు రాత్రులు, తట్టుకుంటే రోజూ. నయాసినమైడ్, విటమిన్ సి కూడా గర్భంలో ఇబ్బంది లేనివే, కానీ ఒక్కొక్కటిగా, మధ్యలో రెండు వారాల ఎడంతో చేర్చండి. లేకపోతే ఏది పడలేదో తెలియదు. సన్‌స్క్రీన్‌లో జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ ఉన్నది చూడండి. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మం రంగులో ఉండే రకం దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే మామూలు వెలుగు కూడా మన చర్మంలో నలుపుని ముదిరిస్తుంది, ఆ వెలుగుని ఐరన్ ఆక్సైడ్ అడ్డుకుంటుంది.

"పారాబెన్ లేదు" అన్న ముద్ర కోసం వెతికి టైమ్ వృథా చేసుకోకండి. అనుమతించిన మోతాదులో మిథైల్ పారాబెన్, ఇథైల్ పారాబెన్ వల్ల మీలాంటి సమస్య రాదు. పారాబెన్ తీసేసి దాని బదులు మిథైల్‌ఐసోథయాజోలినోన్ లాంటి ప్రిజర్వేటివ్ వేస్తే అలర్జీ ఎక్కువ. ఒంటి మీద ఉంచుకునే క్రీముల్లో దాన్ని యూరప్‌లో నిషేధించారు. తయారీదారు పేరు, లైసెన్స్ నంబర్, పదార్థాల జాబితా లేని ఫెయిర్‌నెస్ క్రీములు మాత్రం, ఎవరు విదేశాల నుంచి తెచ్చి ఇచ్చినా, వాడకండి. వాటిలో పాదరసం ఉండే ప్రమాదం ఉంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో అలాంటి క్రీములు వాడినవాళ్ళలో మూత్రంలో ప్రోటీన్ పోయే కిడ్నీ జబ్బు బయటపడింది. పాదరసం తల్లి నుంచి బిడ్డకీ చేరుతుంది.

తెల్లజుట్టు సంగతి. ప్యాచ్ టెస్ట్‌లో పీపీడీ తేలితే ఇక జీవితాంతం దానికి దూరంగా ఉండాలి. "పీపీడీ లేదు" అని రాసిన డైల్లో చాలావాటిలో టొలుయిన్-డయమిన్ అనే దగ్గరి బంధువు ఉంటుంది. పీపీడీ పడనివాళ్ళలో ఇంచుమించు సగం మందికి అదీ పడదు. కాబట్టి ఆ డబ్బాని డాక్టర్‌కి చూపించి, దానితోనే ప్యాచ్ టెస్ట్ చేయించుకున్నాకే వాడాలి. సాదా గోరింటాకు పొడి వాడుకోవచ్చు, జుట్టు ఎర్రగా కనబడుతుంది. దాని మీద రెండో విడతలో నీలి ఆకు పొడి, అంటే ఇండిగో, పెడితే ముదురు గోధుమ నుంచి నలుపు వరకు వస్తుంది. సమయం ఎక్కువ పడుతుంది, రంగు ప్రతిసారీ ఒకేలా రాదు. కొనేటప్పుడు పదార్థాల జాబితాలో ఆకుల పేర్లు తప్ప మరేమీ ఉండకూడదు. కలిపిన కొద్ది నిమిషాల్లోనే ముద్ద నల్లబడిపోతే, పెట్టిన అరగంటకే జుట్టు కారునలుపు అయితే, అది సాదా గోరింటాకు కాదు. పాపిట దగ్గర తెలుపు మాత్రమే ఇబ్బంది పెడుతుంటే, తలకి పోసుకుంటే పోయే రంగు కర్రలు, పౌడర్లు ఉన్నాయి, అవే తేలిక. దువ్వుతూ ఉంటే రోజురోజుకీ నల్లబడే ద్రవాలు కొన్నిటిలో సీసం ఉంటుంది, వాటి జోలికి పోవద్దు.

మామూలుగా గర్భంలో డై వేసుకోవచ్చా అని అడిగే మిగతావాళ్ళ కోసం ఒక మాట: తల చర్మం ద్వారా లోపలికి వెళ్ళేది తక్కువ కాబట్టి మొదటి మూడు నెలలు దాటాక, గాలి బాగా ఆడే చోట, పుండ్లు లేని తల మీద వేసుకోవడాన్ని చాలామంది డాక్టర్లు అభ్యంతరపెట్టరు. మీ విషయంలో అలర్జీ అనుమానం ఉంది కాబట్టి ఈ వెసులుబాటు మీకు వర్తించదు.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు హెన్నా ప్యాకెట్, ట్యూబ్, సీరమ్ సీసా, వాడుతున్న కుంకుమ, షాంపూ అన్నీ ఒక సంచిలో పట్టుకెళ్ళండి. రంగు పెట్టిన తేదీలు, దురద వచ్చిన రోజులు గుర్తున్నంత వరకు కాగితం మీద రాసుకోండి. క్రీమ్ రాయక ముందు తీసుకున్న ఫొటోలు ఫోన్‌లో ఉంటే చూపించండి, నలుపు మొదట ఎక్కడ మొదలైందో వాటిలో తెలుస్తుంది.

ఈలోగా ఎప్పుడైనా రంగు తగిలి కళ్ళు మూసుకుపోయేంత వాపు వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. ఊపిరి అందకపోతే ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. పీపీడీ అలర్జీ ఖాయమైతే పళ్ళ డాక్టర్‌కీ, మీ గైనకాలజిస్ట్‌కీ చెప్పి ఫైల్లో రాయించండి, ఎందుకంటే తిమ్మిరికి రాసే బెంజోకైన్, కొన్ని సల్ఫా మందులు కూడా కొందరికి పడవు. రేపు సీమంతంలో చేతులకి నల్ల కోన్ పెడతామంటే వద్దనండి, అందులోనూ ఉండేది ఎక్కువగా ఇదే పీపీడీ. ఇంట్లో రుబ్బిన గోరింటాకు పెట్టించుకోండి.